టీమ్ ‘హార్డ్‌లీ’ పని చేసిందట!

“అవర్ టీమ్ హ్యాజ్ హార్డ్‌లీ వర్క్‌డ్ ఆన్ దిస్ మాడ్యూల్.” మాదాపూర్ నుంచి డల్లాస్‌కు వెళ్లే మెయిల్లో ఇలాంటి వాక్యం ఒకటి ఉందనుకోండి. రాసినాయన చెప్పదలచుకున్నది, మా కుర్రాళ్లు రాత్రనక పగలనక ఒళ్లు వంచి పని చేశారని. అక్కడ చదివిన క్లయింటుకు తెలిసేది, ఈ మాడ్యూల్ మీద వాళ్లు పని చేసిందే అంతంతమాత్రమని. మర్నాడు కాల్‌లో ఆయన గొంతు ఎందుకు మారిందో ఇవతలి వాళ్లకు అంతుపట్టదు. మెయిల్లో తప్పున్నట్టు కంప్యూటర్ కూడా చెప్పలేదు. హార్డ్‌లీ అనే మాట డిక్షనరీలో ఉంది, స్పెల్లింగ్ సరిగ్గానే పడింది, వాక్యం వ్యాకరణబద్ధంగా కూడా ఉంది. ఎర్ర గీత పడటానికి కారణమే లేదు.

ఆఫీసు మెయిళ్లలో విశేషణం రావలసిన చోట క్రియావిశేషణం, క్రియావిశేషణం రావలసిన చోట విశేషణం పడటం చాలా మామూలు. గుడ్‌కూ వెల్‌కూ, రియల్‌కూ రియల్లీకీ మధ్య తికమక అందులో అందరికీ తెలిసిన భాగం. వీటిలో చాలావరకు చూసీ చూడనట్టు వదిలేయదగ్గవే. కొన్ని మాత్రం పైన చెప్పినదానిలా అర్థాన్నే తిరగేస్తాయి. ఏది ఏ రకమో తెలియాలంటే ఈ తప్పు ఎక్కడ పుడుతుందో చూడాలి. మన విషయంలో అది పుట్టే చోటు ఇంగ్లీషులో లేదు, మన ‘గా’లో ఉంది.

బడిలో చెప్పిన సూత్రం అందరికీ గుర్తే. నామవాచకం గురించి చెప్పేది విశేషణం, క్రియ గురించి చెప్పేది క్రియావిశేషణం, విశేషణం చివర ‘లీ’ తగిలిస్తే క్రియావిశేషణం వస్తుంది. క్విక్ నుంచి క్విక్‌లీ, కేర్‌ఫుల్ నుంచి కేర్‌ఫుల్లీ. తెలుగులో ఈ తేడా ఇంతకన్నా స్పష్టం. నామవాచకం ముందు ‘ఐన’ వస్తుంది, క్రియ ముందు ‘గా’ వస్తుంది. నిజమైన సమస్య అంటాం, నిజంగా జరిగింది అంటాం. మంచి రిపోర్టు అంటాం, బాగా రాశాడు అంటాం. ‘మంచి రాశాడు’ అని మనలో ఎవరూ అనరు. అలాంటప్పుడు ఇంగ్లీషులో ‘హీ రోట్ ఇట్ గుడ్’ అని ఎలా పడుతోంది? ఎలాగంటే, ఇంగ్లీషు రాసేటప్పుడు మనం తెలుగు వినిపించుకోం. వినిపించుకుంటే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

ఆఫీసులో మనం మాట్లాడే భాషనే చూడండి. అర్జెంటుగా కావాలి, స్మూత్‌గా రన్ అయింది, సీరియస్‌గా తీసుకున్నారు, కరెక్ట్‌గా ఫిల్ చెయ్యి. ఇంగ్లీషు మాటకే ‘గా’ తగిలించి రోజంతా వాడుతుంటాం. ఆ ‘గా’ తర్వాత ఏదో ఒక పని జరుగుతుంటే, అంటే కావడం, తీసుకోవడం, నింపడం లాంటి క్రియ ఉంటే, ఇంగ్లీషులో ఆ మాటకు ‘లీ’ పడాలి. నీడ్ ఇట్ అర్జెంట్‌లీ, రాన్ స్మూత్‌లీ, టుక్ ఇట్ సీరియస్‌లీ, ఫిల్ ఇట్ కరెక్ట్‌లీ. మన ‘బాగా’ కూడా ఇంతే. మీటింగ్ బాగా జరిగింది, సర్వర్ బాగా పని చేస్తోంది, ఆవిడ ప్రెజెంటేషన్ బాగా ఇచ్చింది. ఈ మూడింటిలోనూ ‘బాగా’కు ఇంగ్లీషు మాట వెల్. ‘ద మీటింగ్ వెంట్ గుడ్’ అన్నది తెలుగులో ‘మీటింగ్ మంచి జరిగింది’ అన్నంత ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇంతవరకు ‘గా’ మన పక్షాన ఉంది. ఒక్క చోట మాత్రం ఇదే ‘గా’ మనల్ని ముంచుతుంది.

‘వాళ్లు విషయాన్ని సీరియస్‌గా తీసుకున్నారు’, ‘మేనేజర్ ఇవాళ సీరియస్‌గా ఉన్నారు’. రెండు వాక్యాల్లోనూ ఒకటే మాట, ఒకటే ‘గా’. ఇంగ్లీషులో మొదటిదానికి సీరియస్‌లీ, రెండోదానికి ఉత్త సీరియస్. ‘ద మేనేజర్ ఈజ్ సీరియస్‌లీ’ అంటే వాక్యం సగంలో తెగినట్టుంటుంది, ఇంతకీ సీరియస్‌గా ఏం చేస్తున్నాడని అడగాలనిపిస్తుంది. తెలుగులో ‘ఉండు’ అనే క్రియకు ముందు కూడా ‘గా’ పెడతాం. డిజైన్ అందంగా ఉంది, గది చల్లగా ఉంది, ఆలోచన కొత్తగా ఉంది. ఇంగ్లీషు లెక్క వేరు. అక్కడ ఈజ్, ఆర్ లాంటి క్రియలు ఏ పనీ చెప్పవు. ఇటున్న మనిషికో వస్తువుకో అటున్న గుణాన్ని అంటగట్టడమే వాటి పని. ఆ గుణం నామవాచకానికి చెందింది కాబట్టి విశేషణమే రావాలి.

ఈజ్, ఆర్ దగ్గర మనం పెద్దగా తప్పులు చేయం. చిక్కంతా వాటి వేషం వేసుకుని వచ్చే లుక్, ఫీల్, సౌండ్, సీమ్, అపియర్, రిమైన్, స్మెల్, టేస్ట్ లాంటి క్రియల దగ్గరే. చూడటానికి ఇవి మామూలు క్రియల్లాగే ఉంటాయి. క్రియ కనపడగానే బడి సూత్రం గుర్తొచ్చి చెయ్యి ‘లీ’ వైపు పోతుంది. ‘ద ప్లాన్ సౌండ్స్ నైస్‌లీ’, ‘ద కోడ్ లుక్స్ క్లీన్‌లీ’ అలా వచ్చినవే. వీటిని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆ క్రియను తీసేసి దాని చోట ఈజ్ పెట్టి చూడండి. ‘ద ప్లాన్ ఈజ్ నైస్’ అన్నది నిలబడుతోంది కాబట్టి ‘ద ప్లాన్ సౌండ్స్ నైస్’ కూడా నిలబడుతుంది. అదే ‘షీ లుక్‌డ్ కేర్‌ఫుల్లీ ఎట్ ద లాగ్స్’ అన్నదానిలో లుక్‌డ్ తీసి వాజ్ పెడితే ‘షీ వాజ్ కేర్‌ఫుల్లీ ఎట్ ద లాగ్స్’ అని కూలిపోతుంది. ఇక్కడ లుక్ అంటే కనిపించడం కాదు, కళ్లు పెట్టి చూడటం. అది పని, కాబట్టి కేర్‌ఫుల్లీ సరైనదే. ఒకే క్రియ ఒక వాక్యంలో ‘ఉంది’ పని చేస్తుంది, ఇంకో వాక్యంలో సొంత పని చేస్తుంది. అందుకని క్రియల జాబితా బట్టీ పట్టినా లాభం లేదు, వాక్యంలోనే చూడాలి.

ఈ గుంపులో అన్నిటికన్నా ప్రసిద్ధమైన తప్పు ‘ఐ ఫీల్ బ్యాడ్‌లీ’. దీన్ని మనమే కాదు, ఇంగ్లీషు ఇంటి భాష అయిన అమెరికన్లు కూడా చేస్తుంటారు. గుడ్ అనకూడదు వెల్ అనాలి అని చిన్నప్పుడు టీచర్లు మొట్టికాయలు వేసి నేర్పడం వల్ల, ‘లీ’ ఉన్నదే మర్యాదైన మాట అనే భయం వాళ్లకూ ఉంది. ఆ భయంతో ‘లీ’ అక్కర్లేని చోట కూడా పెట్టేస్తారు. పట్టుబట్టి అర్థం తీస్తే, ‘ఐ ఫీల్ బ్యాడ్‌లీ’ అన్నాయన వేళ్లకు స్పర్శ సరిగ్గా తెలియడం లేదని చెబుతున్నట్టు. ఆలస్యమైనందుకు బాధగా ఉందని చెప్పాలంటే ‘ఫీల్ బ్యాడ్’ చాలు. బ్యాడ్‌లీకి ఇంకో వాడుక కూడా ఉంది. ‘వి బ్యాడ్‌లీ నీడ్ టూ మోర్ టెస్టర్స్’ అంటే ఇద్దరు టెస్టర్లు అత్యవసరంగా కావాలని. ఇక్కడ చెడుతో సంబంధమే లేదు.

వెల్ విషయంలో ఒక మెలిక. ఒంట్లో బాగుందని చెప్పేటప్పుడు వెల్ అనేది విశేషణం కూడా. అందుకే ‘ఐ యామ్ వెల్’ అన్నది సలక్షణమైన ఇంగ్లీషు. ‘ఐ యామ్ గుడ్’ కూడా తప్పు కాదు. యామ్ తర్వాత విశేషణం రావాలి, గుడ్ విశేషణమే. దీన్ని తప్పు పట్టేవాళ్లు గుడ్ అంటే సజ్జనుడు అని మాత్రమే అర్థం చెబుతారు, అది మరీ మడికట్టుకోవడం. మన మెయిళ్లలో తరచూ కనిపించేది ఈ రెండూ కాని మూడోది: ‘హోప్ యు ఆర్ డూయింగ్ గుడ్.’ డూయింగ్ అనేది పని చెప్పే క్రియ. దాని పక్కన గుడ్ వస్తే అది నామవాచకమై ‘మంచి’ అనే అర్థం ఇస్తుంది. డూయింగ్ గుడ్ అంటే మంచి పనులు చేయడం, పుణ్యం కట్టుకోవడం. అన్నదాన సమాజం వాళ్లకు రాస్తే సరిగ్గా అతుకుతుంది. నిజానికి అమెరికాలో మాట్లాడేటప్పుడు ‘డూయింగ్ గుడ్’ అని లక్షణంగా అంటారు, చాట్‌లో అన్నా ఎవరూ పట్టించుకోరు. కొత్త క్లయింటుకు రాసే మొదటి మెయిల్లో మాత్రం వెల్ అనడమే మంచిది. అసలా పలకరింపు వాక్యమే అవసరమా అంటే, నా మటుకు నాకు అవసరం లేదనిపిస్తుంది. రోజుకు నాలుగు మెయిళ్లు రాసుకునే ఇద్దరు మనుషులు నాలుగుసార్లూ ఒకరి ఆరోగ్యం ఒకరు అడగడం వింతగానే ఉంటుంది.

తమాషా ఏమిటంటే, బెటర్, బెస్ట్ దగ్గర ఎవరికీ తప్పు పడదు. గుడ్‌కు తులనాత్మక రూపం బెటర్, వెల్‌కూ బెటరే. ‘దిస్ ఈజ్ బెటర్’, ‘దిస్ వర్క్స్ బెటర్’ రెండూ ఒప్పే. రెండు దారులూ అక్కడ కలిసిపోతాయి కాబట్టి తప్పడానికి చోటు లేదు. గుడ్ చివర లీ పెట్టి క్రియావిశేషణం చేసుకునే వీలు మామూలు వాడుకలో లేదు, ఆ చోటును పూర్తిగా వేరే మాట అయిన వెల్ ఆక్రమించుకుంది. మిగతా మాటలకు లేని ఇబ్బంది ఈ జంటకే రావడానికి కారణం అదే.

రియల్, రియల్లీ సంగతి దీనికన్నా తేలిక. వెనక నామవాచకం ఉంటే రియల్: ‘ఎ రియల్ ఇష్యూ’, నిజమైన సమస్య. వెనక విశేషణమో క్రియో ఉంటే రియల్లీ: ‘రియల్లీ స్లో’, నిజంగా నెమ్మది. ‘రియల్ క్విక్’, ‘రియల్ గుడ్’ అన్నవి అమెరికన్ల నోట రోజూ వినపడతాయి. టెక్సస్ మేనేజరు కాల్‌లో ‘లెట్ మీ షేర్ మై స్క్రీన్ రియల్ క్విక్’ అన్నంత మాత్రాన దాన్ని తీసుకొచ్చి అప్రైజల్ ఫారంలో ‘పర్ఫార్మ్‌డ్ రియల్ గుడ్’ అని రాస్తే, అదే మేనేజరుకు అది నాటుగా కనపడుతుంది. మాటకు చెల్లింది రాతకు చెల్లదు, మనం కూడా ‘వస్తన్నా’ అని మాట్లాడి ‘వస్తున్నాను’ అని రాస్తాం.

రియల్లీతో అసలు బాధ వ్యాకరణానికి సంబంధించింది కాదు. ‘రియల్లీ ఫాస్ట్’, ‘రియల్లీ సారీ’, ‘రియల్లీ ఇంపార్టెంట్’ అని ప్రతి వాక్యంలో పడితే దానికి విలువ పోతుంది. పేజీ ‘రియల్లీ ఫాస్ట్’గా తెరుచుకుంటోందని రాసే బదులు, మొన్నటిదాకా 12 సెకన్లు పట్టేది ఇప్పుడు 4 పడుతోందని రాస్తే చదివేవాడికి ఏదో తెలుస్తుంది. అంకె ఉన్న చోట రియల్లీ అక్కర్లేదు.

ఇప్పుడొక మెయిల్ చూద్దాం. ఇది ఎవరిదీ కాదు, రోజూ కనిపించే వాక్యాలను ఒక చోట కూర్చి తయారు చేసింది.

“డియర్ ఆల్, ద ఫస్ట్ టెస్టింగ్ సైకిల్ వెంట్ రియల్ గుడ్. ద న్యూ డ్యాష్‌బోర్డ్ లుక్స్ నీట్‌లీ అండ్ ద పేజెస్ లోడ్ ఫాస్ట్. ద టీమ్ వర్క్‌డ్ హార్డ్‌లీ ఓవర్ ద వీకెండ్. వి మేడ్ ద లాగిన్ స్టెప్స్ సింప్లీ. వి నీడ్ యువర్ అప్రూవల్ అర్జెంట్.”

మొదటి వాక్యంలో వెంట్ అన్నది పని. సైకిల్ బాగా జరిగింది, కాబట్టి వెల్. దానికి ముందున్న రియల్ ఇప్పుడు వెల్‌ను బలపరచాలి, కాబట్టి రియల్లీ. ‘వెంట్ రియల్లీ వెల్’ అవుతుంది, ‘వెంట్ వెల్’ అన్నా చాలు. రెండో వాక్యంలో లుక్స్ తీసి ఈజ్ పెడితే ‘ద డ్యాష్‌బోర్డ్ ఈజ్ నీట్’ అని నిలబడుతుంది, కాబట్టి లీ పోవాలి. ‘నీటుగా ఉంది’ అన్న తెలుగులోని గా ఇక్కడ తోవ తప్పించింది. లోడ్ ఫాస్ట్ దగ్గర మాత్రం వేలు పెట్టకూడదు. లోడ్ కావడం పనే అయినా ఫాస్ట్‌కు లీ రూపం లేదు, అదే విశేషణం అదే క్రియావిశేషణం. అక్కడే క్విక్ అని ఉంటే రాతలో క్విక్‌లీ చేయాలి.

మూడో వాక్యం ఇందాకటి హార్డ్‌లీయే, చోటు మాత్రం మారింది. ‘హార్డ్‌లీ వర్క్‌డ్’ అంటే పని చేయలేదన్నంత పని. ‘వర్క్‌డ్ హార్డ్‌లీ’ అంటే చదివేవాడికి ఒక క్షణం ఏమీ అర్థం కాదు, తర్వాత హార్డ్ అనబోయి ఇలా రాశాడని ఊహించుకుంటాడు. అంటే క్రియకు ముందున్న హార్డ్‌లీ అబద్ధం చెబుతుంది, క్రియ తర్వాత ఉన్నది తడబడుతుంది. రెండింటికీ మందు ‘వర్క్‌డ్ హార్డ్’.

నాలుగో వాక్యం కొంచెం లోతైనది. మేడ్ అనేది క్రియ, కాబట్టి సింప్లీ రావాలని చెయ్యి లాగుతుంది. కానీ సింపుల్‌గా ఉన్నది చేయడమా, లాగిన్ మెట్లా? మెట్లు. పని అయ్యాక మెట్లు సింపుల్ అయ్యాయి. గుణం కర్మకు చెందింది కాబట్టి ‘మేడ్ ద లాగిన్ స్టెప్స్ సింపుల్’. మేక్, కీప్, ఫైండ్, కన్సిడర్ లాంటి క్రియల తర్వాత ఈ ప్రశ్న వేసుకోవాల్సిందే, ఎందుకంటే ఇక్కడ రెండు రూపాలూ వ్యాకరణానికి నిలిచి, అర్థం మాత్రం వేరైపోతుంది. ‘ఐ ఫౌండ్ ద డాక్యుమెంట్ ఈజిలీ’ అంటే డాక్యుమెంటు ఎక్కడుందో వెతుక్కునే శ్రమ లేకుండా దొరికిందని. ‘ఐ ఫౌండ్ ద డాక్యుమెంట్ ఈజీ’ అంటే చదివితే సులువుగా ఉందని. మీ ఫోల్డర్ల అమరికను మెచ్చుకున్నారా, మీ రాతను మెచ్చుకున్నారా అన్నది ఆ ఒక్క లీ మీద ఆధారపడి ఉంది. ‘దే కన్సిడర్‌డ్ ద కంప్లయింట్ సీరియస్’ అంటే ఫిర్యాదు తీవ్రమైనదని తేల్చారు. ‘కన్సిడర్‌డ్ ద కంప్లయింట్ సీరియస్‌లీ’ అంటే శ్రద్ధగా పరిశీలించారు, ఏం తేల్చారో ఇంకా తెలియదు. హెచ్ఆర్ వాళ్లు రాసే మెయిల్లో ఈ తేడా చిన్నది కాదు.

ఐదోది అర్జెంట్. నోటితో ‘అర్జెంటుగా కావాలి’ అని సరిగ్గానే అంటాం, రాసేటప్పుడు గా జారిపోతుంది. అర్జెంట్‌లీ అంటే సరిపోతుంది.

మరి హార్డ్, ఫాస్ట్, లేట్ లాంటి మాటలకు లీ ఎందుకు లేదు, ఉన్నా అర్థం ఎందుకు మారింది? దీని వెనక వెయ్యేళ్ల కథ ఉంది. పాత ఇంగ్లీషులో విశేషణం చివర ‘ఎ’ లాంటి చిన్న అచ్చు తగిలించి క్రియావిశేషణం చేసుకునేవారు. అది కాకుండా లీకి పూర్వరూపమైన ప్రత్యయం కూడా ఉండేది. కాలక్రమంలో మాట చివరి ఆ చిన్న అచ్చు పలకడం మానేశారు. దాంతో కొన్ని మాటల్లో విశేషణం, క్రియావిశేషణం ఒకేలా మిగిలిపోయాయి. ఫాస్ట్, హార్డ్ అలా మిగిలినవే. మిగతా చోట్ల లీ వ్యాపించింది. 18వ శతాబ్దంలో వ్యాకరణవేత్తలు వచ్చి విశేషణాన్ని క్రియావిశేషణంగా వాడటం తప్పన్నారు. 1762లో రాబర్ట్ లౌత్ అనే బిషప్పు అచ్చు వేయించిన వ్యాకరణ పుస్తకం ఇంగ్లండులో బాగా చెల్లుబాటైంది. అందులో ఆయన అలాంటి వాడుకల్ని ఎత్తి చూపి దిద్దాడు. ఆ తర్వాత బడుల్లో లీ లేని రూపానికి మొరటు ముద్ర పడింది. బాగా పాతుకుపోయిన కొన్ని మాత్రం చెక్కు చెదరలేదు.

ఒకే మాటకు లీ ఉన్న రూపం, లేని రూపం రెండూ మిగిలిన చోట భాష రెండింటికీ చెరో పని పంచింది. హార్డ్‌లీ అన్నది మొదట్లో గట్టిగా, కటువుగా అనే అర్థంలోనే ఉండేది. తర్వాత కష్టం మీద అని మారి, చివరికి అంతంతమాత్రం దగ్గర ఆగింది. లేట్ అంటే ఆలస్యంగా, లేట్‌లీ అంటే ఈ మధ్య. ‘ఐ కేమ్ లేట్‌లీ టు ద ఆఫీస్’ అని రాస్తే ఆలస్యమన్న మాటే అందులో ఉండదు. నియర్ అంటే దగ్గర, నియర్‌లీ అంటే దాదాపు. హై అంటే ఎత్తున, హైలీ అంటే ఎంతో. షార్ట్‌లీ అంటే పొట్టిగా కాదు, కాసేపట్లో. ఫ్రీ కూడా ఇలాంటిదే. డబ్బు తీసుకోకుండా అన్న అర్థంలో మనం ‘ఫ్రీగా’ అంటాం, దాన్ని ఫ్రీలీ అని రాస్తాం. ‘ద టూల్ ఈజ్ ఫ్రీలీ అవైలబుల్’ అంటే అడ్డేమీ లేకుండా ఎవరికైనా దొరుకుతుందని ముఖ్యార్థం. డబ్బు కట్టాలా వద్దా అన్నది అందులో తేలదు. లైసెన్సు గురించి రాసేటప్పుడు ‘ఫ్రీ ఆఫ్ ఛార్జ్’ అనేస్తే గొడవ ఉండదు.

ఈ చరిత్ర తెలిశాక, లీ లేని మాట కనపడగానే తప్పని గీత గీసే ఉత్సాహం కొంత తగ్గుతుంది. యాపిల్ కంపెనీ 1997లో ‘థింక్ డిఫరెంట్’ అని ప్రచారం చేస్తే, డిఫరెంట్‌లీ అనాలి కదా అని చాలామంది అభ్యంతరం చెప్పారు. థింక్ బిగ్ అన్నప్పుడు బిగ్ దేని గురించి ఆలోచించాలో చెబుతుంది, ఎలా ఆలోచించాలో కాదు. ఇదీ అలాంటిదేనని సమర్థించిన వాళ్లూ ఉన్నారు. ప్రకటనకు అది చెల్లింది. స్టేటస్ రిపోర్టులో ‘ద మాడ్యూల్ బిహేవ్స్ డిఫరెంట్’ అని రాస్తే చెల్లదు, అక్కడ డిఫరెంట్‌లీ కావాలి.

ఇక దీనికి సరిగ్గా తిరగబడిన రకం ఒకటుంది. చివర లీ ఉన్నా విశేషణాలే అయిన మాటలు: ఫ్రెండ్లీ, కాస్ట్‌లీ, లైవ్‌లీ, టైమ్‌లీ. ‘షీ రిప్లైడ్ ఫ్రెండ్లీ’ అనడం కుదరదు, ఎందుకంటే ఫ్రెండ్లీ అంటే స్నేహపూర్వకమైన అని, స్నేహంగా అని కాదు. దానికి మళ్లీ లీ తగిలిస్తే నోరు తిరగదు. అందుకే ఇంగ్లీషు చుట్టూ తిరిగి ‘ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అంటుంది. కార్పొరేట్ మెయిళ్లలో విసుగు పుట్టేంతగా కనిపించే ‘ఇన్ ఎ టైమ్‌లీ మ్యానర్’ పుట్టుక కూడా ఇదే. అది ఆడంబరంలా కనిపిస్తుంది గానీ, టైమ్‌లీని క్రియ పక్కన నేరుగా నిలబెట్టడానికి దారి లేక కట్టుకున్న వంతెన. మనవాళ్లు ‘ప్లీజ్ రెస్పాండ్ టైమ్‌లీ’ అని దాన్ని కుదించి రాస్తారు, అది నిలబడదు. ‘టైమ్‌లీ రెస్పాన్స్’ అంటే సరే, రెస్పాన్స్ నామవాచకం కదా. ఆ వంతెన మీద నడవడం ఇష్టం లేకపోతే ‘ప్రాంప్ట్‌లీ’ ఉంది. అంతకన్నా పని జరిగే మాట ‘బై థర్స్‌డే ఈవినింగ్’. టైమ్‌లీ అంటే ఎప్పటికో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు, గురువారం సాయంత్రానికి ఆ వెసులుబాటు లేదు.

చివరగా, వ్యాకరణం కన్నా మర్యాదకు ఎక్కువ సంబంధించిన లీ ఒకటి. పై అధికారి ఏదైనా అడిగితే ‘ష్యూర్’ అని రాయడం మరీ పొట్టిగా, పొగరుగా ఉంటుందేమోనని మనవాళ్లు ‘ష్యూర్‌లీ’ అంటారు. ‘తప్పకుండా సార్’ అనే వినయం అందులో ఉందని అనుకుంటారు. ఇంగ్లీషులో ఒప్పుకోలుకు ష్యూర్ చాలు, మరింత మర్యాద కావాలంటే ‘సర్టెన్‌లీ’ ఉంది. ష్యూర్‌లీ ఒంటరిగా జవాబుగా వస్తే కాస్త పాతకాలపు మాటలా వినిపిస్తుందంతే. వాక్యం మొదట్లో పడితే కథ వేరు. అక్కడ దానికి ‘కదా, కాకపోతే ఎలా’ అని నిలదీసే స్వరం వస్తుంది. ‘ష్యూర్‌లీ యు హావ్ టెస్టెడ్ దిస్’ అంటే తప్పకుండా టెస్ట్ చేసి ఉంటారని నమ్మకం ప్రకటించడం కాదు. ఇది కూడా టెస్ట్ చేయకుండా పంపారా ఏమిటి అని సందేహిస్తున్నట్టు. ఒక సీనియర్ ఇంకో టీమ్‌కు పొగడ్తగా ఈ వాక్యం రాస్తే, అవతలి నుంచి టెస్ట్ రిపోర్టులు, స్క్రీన్‌షాట్లు, తేదీలతో సహా అటాచ్‌మెంట్లు వచ్చి పడతాయి, పైన వాళ్ల మేనేజరు సీసీలో ఉంటాడు.